"జస్ట్ గుర్తు చేద్దామని, సారీ సర్": రావాల్సిన డబ్బు అడిగే మెయిల్‌ని తిరగరాయడం ఎలా?

సుధ_సబ్‌టైటిల్స్

అందరికీ నమస్తే. ఒక ఆన్‌లైన్ పాఠాల కంపెనీకి తెలుగు సబ్‌టైటిల్స్ చేసిచ్చాను, డబ్బు ఇంకా రాలేదు. ప్రాజెక్ట్ చూసే ఆయనకి కింది మెయిల్ రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు. చదువుకుంటే నాకే అప్పు అడుగుతున్నట్టుంది. అలాగని గట్టిగా రాస్తే తర్వాత పని ఇవ్వరేమోనని అనుమానం. ఎక్కడెక్కడ మార్చాలో చెప్పండి.

> విషయం: చిన్న రిక్వెస్ట్
>
> నమస్తే సర్, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ. మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. జస్ట్ ఒకసారి గుర్తు చేద్దామని రాస్తున్నాను, అంతే. మార్చిలో పంపిన ఇన్‌వాయిస్ బహుశా మీ దృష్టికి రాలేదేమో అనుకుంటున్నాను. నా వైపు నుంచి ఏమైనా పొరపాటు ఉంటే సారీ. మీకు టైమ్ దొరికినప్పుడు, వీలైతే, పేమెంట్ సంగతి జస్ట్ కొంచెం కనుక్కోగలరా? తొందరేం లేదు సర్. అలాగే రెండో బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా జస్ట్ అడుగుదామనుకున్నాను. ఇబ్బంది పెట్టినందుకు మళ్ళీ సారీ.

కత్తెర_కిరణ్

ఇందులో పెద్ద పనేముందండీ. Ctrl+F కొట్టి "జస్ట్", "సారీ", "బహుశా", "వీలైతే", "కొంచెం" అన్నీ లేపేయండి. మిగిలిందే మీ మెయిల్. ఇదిగో:

> నమస్తే సర్, ఒకసారి గుర్తు చేద్దామని రాస్తున్నాను. మార్చిలో పంపిన ఇన్‌వాయిస్ మీ దృష్టికి రాలేదు. పేమెంట్ సంగతి కనుక్కోండి. రెండో బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

నాలుగు ముక్కలు, అయిపోయింది.

పాతకాగితం

కిరణ్ గారూ, దారి సగం వరకు కరెక్టే. కానీ మీరు తీసేసిన "బహుశా" ఏం చేసిందో చూడండి. "మీ దృష్టికి రాలేదేమో" అన్నది అనుమానం. "మీ దృష్టికి రాలేదు" అన్నది ఆరోపణ. పైగా అది సుధ గారికి తెలిసిన విషయం కూడా కాదు. ఆయన చూసే ఉండొచ్చు, చూసి అకౌంట్స్‌కి పంపి ఉండొచ్చు, అక్కడ ఆగి ఉండొచ్చు. తెలియని సంగతి మీద ఉన్న "బహుశా"ని తీసేస్తే వాక్యం గట్టిపడదు, తప్పవుతుంది. ఆ వాక్యం మొత్తంగా పోవాలి.

"పేమెంట్ సంగతి కనుక్కోండి" సంగతి కూడా అంతే. "కొంచెం" పోయింది, "గలరా" పోయింది, కటువుగా అయింది, కానీ ఆయన ఏం చేస్తే ఈ మెయిల్ పని పూర్తయినట్టో ఇప్పటికీ తెలియదు. కనుక్కుని ఊరుకుంటే? "కనుక్కున్నానమ్మా, ప్రాసెస్‌లో ఉంది" అంటే? మీరు అడిగింది ఆయన చేసేసినట్టే. మెత్తని మాటలు తీసేసినా అడగడం బలహీనంగానే మిగిలింది. మర్యాద మాత్రం పోయింది.

సుధ గారూ, మాటల పని తర్వాత చూద్దాం. మీ మెయిల్లో "సారీ" మూడు సార్లుంది, "జస్ట్" మూడు సార్లుంది. ఎంత రావాలో ఒక్కసారీ లేదు. ముందు ఇవి చెప్పండి: బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని రోజుల గడువు, ఆ గడువు ఎక్కడ రాసి ఉంది, డబ్బు వేసేది ఈయనా వేరేవాళ్ళా.

వరంగల్_వంశీ

నాది గూడ సేమ్ ఇష్యూ అన్నా. నేను ఒక క్లయింట్‌కి లోగో ఫైల్స్ నాలుగు రోజులు లేటుగా పంపిన. ఇప్పుడు సారీ పెట్టొద్దంటరా? "మీ ఓపికకు ధన్యవాదాలు" అని రాస్తే సరిపోతది అని ఎక్కడో చదివిన.

సుధ_సబ్‌టైటిల్స్

పాతకాగితం గారూ, వివరాలు ఇవి. ఇన్‌వాయిస్ నంబరు 17, మార్చి 10న పంపాను. 48 వీడియోలు, ఒక్కోదానికి 800, మొత్తం 38,400 రూపాయలు. వాళ్ళు పంపిన వర్క్ ఆర్డర్‌లోనే "ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజులు" అని ఉంది. డబ్బు వేసేది అకౌంట్స్ వాళ్ళు, కానీ నాకు పరిచయం ఉన్నది ఈయనే. ఈ రోజు మే 6 కదా.

పాతకాగితం

బాగుంది. మార్చి 10కి 30 రోజులు కలిపితే ఏప్రిల్ 9. ఇవాళ్టికి 27 రోజులు దాటింది. ఈ లెక్క వేసుకున్నాక మీ మెయిల్ ఇంకోసారి చదవండి. సారీలన్నీ ఎవరు ఎవరికి చెప్తున్నారు?

ముందు వంశీకి ఒక మాట, ఎందుకంటే ఆయనది వేరే కేసు. వంశీ, ఆలస్యం మీది కాబట్టి సారీ మీరు చెప్పాల్సిందే. ఒక్కసారి, మొదటి వాక్యంలో, దేనికో చెప్పి. "ఫైళ్ళు సోమవారానికి ఇస్తానన్నాను, శుక్రవారం ఇస్తున్నాను, ఆలస్యానికి సారీ." తర్వాత ఇప్పుడు పంపిందేమిటో, ఇంకా ఏమైనా మిగిలి ఉంటే ఏ తేదీకి ఇస్తారో. కారణం ఒక్క ముక్కలో చెప్పొచ్చు, లేకున్నా నష్టం లేదు. "మీ ఓపికకు ధన్యవాదాలు" అన్నది అవతలివాళ్ళకి పెద్ద నష్టం లేనప్పుడే పనికొస్తుంది, రెండో రోజు ఇవ్వాల్సిన జవాబు మూడో రోజు ఇచ్చినట్టుగా. మీ ఫైళ్ళ కోసం వాళ్ళ ప్రింటింగ్ ఆగి ఉంటే ఆ మాట చదివి మండుతుంది. వాళ్ళు ఓపిక పట్టలేదు, గత్యంతరం లేక ఆగారు.

సుధ గారి కేసులో తప్పు ఆవిడది కాదు. కాబట్టి మూడు సారీలకీ చోటు లేదు. ఇక వాక్యం వాక్యం చూద్దాం.

"డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ, మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు." బకాయి గుర్తు చేయడం డిస్టర్బెన్స్ కాదు, ఆ ఆఫీసులో అది రోజువారీ పని. మొదటి వాక్యంలోనే "ఇది అంత ముఖ్యం కాదు" అని మీరే చెప్పినట్టవుతుంది. పైగా ఫోన్లో నోటిఫికేషన్ చూసేవాళ్ళకి కనపడేది విషయం లైనూ, మొదటి పది మాటలూ. ఆ చోటంతా సారీకి పోయింది.

"మీ దృష్టికి రాలేదేమో", దీని సంగతి పైన చెప్పాను. ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది. అవతలాయనకి తప్పించుకునే మాట మీరే రెడీగా అందిస్తున్నారు. "అవునమ్మా, చూడలేదు, మళ్ళీ పంపండి" అంటాడు. మీరు మళ్ళీ పంపుతారు. గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కేస్తారు.

"నా వైపు నుంచి ఏమైనా పొరపాటు ఉంటే సారీ." ఇక్కడ ఉద్దేశం మంచిదే, బిల్లులో నిజంగానే ఏదో తేడా ఉండి ఆగి ఉండొచ్చు. పాన్ నంబరు తప్పు పడితే, వర్క్ ఆర్డర్ నంబరు వేయకపోతే బిల్లు పక్కన పడేసే ఆఫీసులు చాలా ఉన్నాయి. కాబట్టి ఈ వాక్యాన్ని తీసేయొద్దు, ప్రశ్నగా మార్చండి: "ఇన్‌వాయిస్‌లో సవరణ ఏదైనా కావాలంటే చెప్పండి, అదే రోజు సరిచేసి పంపుతాను." సారీ పోయింది, దాని వెనకున్న పనికొచ్చే ముక్క మిగిలింది. మొత్తం మెయిల్లో మర్యాదని మోసేది కూడా ఈ వాక్యమే. ఎందుకంటే వాళ్ళ వైపు నిజమైన కారణం ఉండొచ్చని ఒప్పుకుంటోంది.

"తొందరేం లేదు సర్." అన్నిటికన్నా ఖరీదైన వాక్యం ఇది. చెల్లింపుల జాబితా తయారుచేసేవాళ్ళ దగ్గర ఒకరోజు ఇరవై బిల్లులుంటే, "తొందరేం లేదు" అన్నది కిందికి పోతుంది. మీరే రాసిచ్చారు కాబట్టి అందులో వాళ్ళ తప్పు కూడా ఉండదు.

రెండో బ్యాచ్ ప్రశ్న వేరే మెయిల్లో వేయండి. రెండూ ఒకేదాంట్లో ఉంటే ఆయన సులువైన రెండోదానికి జవాబిచ్చి ఊరుకుంటాడు.

డాలస్_లక్ష్మి

లైన్ లైన్ విడదీయడం బాగుంది. ఒక విషయం కలుపుతాను. జీమెయిల్లో వాడుకోవడానికి 2015లో క్రోమ్‌కి "Just Not Sorry" అని ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది. "జస్ట్", "సారీ", "ఐ థింక్" లాంటివి టైప్ చేస్తే కింద గీత గీస్తుంది. అప్పట్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. ఆడవాళ్ళ మాట తీరునే ఎప్పుడూ ఎందుకు దిద్దుతారని కొందరన్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. నాకు మాత్రం గీత వరకు పనికొచ్చేదే అనిపిస్తుంది. ఎందుకంటే అది చూపిస్తుంది, తీసెయ్యదు. ఏది ఉంచాలో మనమే తేల్చుకోవాలి. "జస్ట్ మొదటి పేజీలో సంతకం చాలు" అన్నప్పుడు ఆ "జస్ట్" లేకపోతే అర్థమే మారిపోతుంది. "ఇప్పుడే, జస్ట్ పది నిమిషాల క్రితం పంపాను" అన్నదీ అంతే.

కత్తెర_కిరణ్

సరే, ఒప్పుకుంటున్నా. మరి ఏ "జస్ట్" పోవాలో ఏది ఉండాలో ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ ఇంత ఆలోచిస్తూ కూర్చుంటే మెయిల్ ఎప్పుడు పోతుంది?

డాలస్_లక్ష్మి

తీసేసి చదవండి. సమాచారం మారితే ఉంచండి. మీ భయం తప్ప ఇంకేం తగ్గకపోతే తీసేయండి. "ఐ థింక్" కూడా అంతే: "ఐ థింక్ ది మీటింగ్ ఈజ్ ఎట్ త్రీ" అంటే మీకు ఖాయంగా తెలియదని చెప్తున్నారు, అది నిజాయితీ. క్యాలెండర్ ముందు పెట్టుకుని అదే మాట రాస్తే అనవసరం.

సుధ_సబ్‌టైటిల్స్

మీరంతా చెప్పింది చూసి మళ్ళీ రాశాను. ఈసారి సారీ ఒక్కటీ లేదు.

> విషయం: పేమెంట్ పెండింగ్
>
> సర్, ఇన్‌వాయిస్ 17, రూ. 38,400కి మీరు ఇంతవరకు చెల్లించలేదు. గడువు ఏప్రిల్ 9తోనే అయిపోయింది. వెంటనే చెల్లించండి.

ఇది బాగానే ఉందా, మరీ కొట్టినట్టుందా?

పాతకాగితం

కొట్టినట్టే ఉంది. ఇలా అటు నుంచి ఇటు ఒరిగిపోవడం మామూలే. కానీ ఎందుకు కొట్టినట్టుందో చూడాలి, ఎందుకంటే ఇందులో సరైనవి కూడా ఉన్నాయి. నంబరు, మొత్తం, గడువు మూడూ వచ్చాయి, అవి ఉంచండి.

తేడా "మీరు చెల్లించలేదు" దగ్గర వచ్చింది. మీకు నిజంగా తెలిసింది ఒక్కటే: డబ్బు మీ ఖాతాలోకి రాలేదు. వాళ్ళు వేశారో, బ్యాంకు వెనక్కి పంపిందో, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ తప్పు కొట్టారో మీకు తెలియదు. కాబట్టి "ఈ రోజు వరకు నా ఖాతాలో జమ కాలేదు" అనండి. అది ఎవరూ కాదనలేని మాట, ఎవరి మీదా వేలు పెట్టని మాట. అదీ కాక ఈ మెయిల్ అందుకునేది ప్రాజెక్ట్ చూసే ఆయన. చెల్లించాల్సిన మనిషి ఆయన కాదు. "మీరు" అంటే తనని అన్నారనే అనుకుంటాడు. రేపు మీ తరఫున అకౌంట్స్‌తో మాట్లాడాల్సిన మనిషిని ముందే దూరం చేసుకున్నట్టవుతుంది.

"వెంటనే" కూడా బలమైన మాటలా కనపడుతుంది గానీ కాదు. వెంటనే అంటే ఇవాళా, ఈ వారమా? తేదీ వేస్తే అదే గట్టిగా ఉంటుంది, గొంతు పెంచక్కర్లేదు. ఇంకొకటి, "చెల్లించండి" అని ఆయన్ని అడిగితే ఆయన చేతిలో లేని పని. "ఏ తేదీన చెల్లిస్తారో తెలుసుకుని చెప్పండి" అన్నది ఆయన చేతిలో ఉన్న పని. అవతలి మనిషి చేయగలిగింది అడిగితే తప్పించుకోవడం కష్టమవుతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

> విషయం: ఇన్‌వాయిస్ 17, రూ. 38,400, గడువు ఏప్రిల్ 9: చెల్లింపు తేదీ కోసం
>
> నమస్తే సర్,
>
> 48 వీడియోల తెలుగు సబ్‌టైటిల్స్‌కి సంబంధించి మార్చి 10న పంపిన ఇన్‌వాయిస్ 17 (రూ. 38,400) గడువు ఏప్రిల్ 9తో ముగిసింది. ఈ రోజు వరకు ఆ మొత్తం నా ఖాతాలో జమ కాలేదు.
>
> ఏ తేదీన చెల్లిస్తారో అకౌంట్స్ విభాగాన్ని అడిగి మే 9, శుక్రవారం లోపు తెలియజేయగలరు. ఇన్‌వాయిస్‌లో సవరణ ఏదైనా కావాలంటే చెప్పండి, అదే రోజు సరిచేసి పంపుతాను.
>
> ఇన్‌వాయిస్, వర్క్ ఆర్డర్, బ్యాంకు వివరాలు జతచేశాను. నేరుగా అకౌంట్స్ వారికే రాయడం మేలనుకుంటే వారి మెయిల్ ఐడీ ఇవ్వగలరు.
>
> ధన్యవాదాలు,
> సుధ

"చెల్లించండి" లేదు, "దయచేసి" కూడా లేదు, అయినా కటువుగా లేదు. "గలరు" చాలు. "దయచేసి" పెట్టుకున్నా తప్పు లేదు, కానీ ఒక్కచోటే పెట్టండి. మూడు చోట్ల పెడితే మళ్ళీ బతిమాలుతున్నట్టే అవుతుంది. మే 9 పక్కన "శుక్రవారం" వేయడం చాదస్తం కాదు, వారం పేరు కనపడితే తేదీ గుర్తుంటుంది. తేదీ తప్పు రాస్తే మీకే ముందు దొరికిపోతుంది కూడా.

మాస్టారు_గుంటూరు

చూస్తున్నాను. కంపెనీలకి సరే. మా శాఖలో పై అధికారికి "మే 9 లోపు తెలియజేయగలరు" అని రాస్తే, ఆ కాగితం చదివే ముందే రాసినవాడి పేరు చూస్తారు. పెద్దవాళ్ళకి గడువు పెట్టడం మన పద్ధతి కాదు. "తమ వీలునుబట్టి" అన్నది బతిమాలుడు కాదు, సంస్కారం. అన్నీ తీసేసి అమెరికా వాళ్ళలా రాయమనడం నాకు నచ్చలేదు.

డాలస్_లక్ష్మి

మాస్టారూ, అమెరికా వాళ్ళు సారీ చెప్పరని ఎవరన్నారు! ఇక్కడ మెయిళ్ళ నిండా "ఐ వజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్" లే. మనవాళ్ళు ఇక్కడికి రాసేటప్పుడు ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అంటే మనకి వినయం, ఇక్కడ చాలామందికి పాత సర్కారు నోటీసులా వినపడుతుంది. ఏం చేయాలో కూడా చెప్పదు. "ప్లీజ్ రివర్ట్" అంటే జవాబివ్వమని మన లెక్క, వాళ్ళకేమో చేసిన మార్పు వెనక్కి తీసేయమన్నట్టు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రాస్తే నిజంగానే వెనక్కి తీసేసే ప్రమాదముంది. "యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్" మామూలు మాటే అనుకుంటాం, అది పళ్ళు నూరుతున్నట్టుంటుంది. దానికి బదులు మొన్నటి మెయిల్లో అడిగిన ప్రశ్నని మళ్ళీ పూర్తిగా రాస్తే చాలు, వెతుక్కునే పని తప్పుతుంది.

పాతకాగితం

మాస్టారి మాటలో నిజముంది. పైవారికి రాసేటప్పుడు గౌరవం చూపించే చోట్లు కొన్ని ఉన్నాయి: సంబోధన, మొదటి పలకరింపు, సంతకం. "గౌరవనీయులైన డైరెక్టర్ గారికి" అని నిండుగా రాయండి, ఎవరూ వద్దనరు. ఇబ్బంది వచ్చేది అసలు పని చెప్పే వాక్యంలోకి ఆ వినయం పాకినప్పుడే. అక్కడ మాత్రం నంబరు, తేదీ, అడిగేది స్పష్టంగా ఉండాలి.

గడువు ఆయనకి పెట్టకుండా పని మీద పెట్టొచ్చు. "మే 12న ఆడిట్ వారికి జాబితా పంపాల్సి ఉంది. అందుకు మే 9 నాటికి తమ ఆమోదం అందితే సౌకర్యంగా ఉంటుంది." ఇక్కడ తొందరపెట్టేది మీరు కాదు, ఆడిట్. నిజమైన కారణం ఉంటేనే ఇలా రాయాలి. లేని ఆడిట్ పుట్టిస్తే దొరుకుతారు.

మాస్టారు_గుంటూరు

"అందితే సౌకర్యంగా ఉంటుంది" వరకు నాకు సమ్మతమే. కారణం లేని చోట ఏం చేయాలో మీరు చెప్పలేదు. నా లెక్కన అక్కడ తేదీ వేయకపోవడమే మంచిది, స్వయంగా వెళ్ళి కలవడం మేలు.

పాతకాగితం

కలవగలిగితే కలవండి. కలిసొచ్చాక ఏం మాట్లాడారో రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టండి, అంతే. తేదీ విషయంలో మనిద్దరికీ పొత్తు కుదరదులెండి.

బిల్లు_భాస్కర్

సుధ గారూ, ఇంత సున్నితంగా ఎందుకు? ఎంఎస్‌ఎంఈ చట్టం, 2006 ఉంది. 45 రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ కట్టాల్సిందే. మొదటి మెయిల్లోనే చట్టం పేరు వేయండి, మర్నాడే డబ్బు పడుతుంది.

పాతకాగితం

భాస్కర్ గారూ, చట్టం సంగతి నిజమే, మీరు చెప్పినదాంట్లో మాత్రం రెండు సవరణలున్నాయి. 45 రోజులనేది గరిష్ఠ పరిమితి. ఒప్పందంలో 30 రోజులుంటే గడువు 30 రోజులే, 45 దాకా ఆగాల్సిన పని లేదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ, ఆ మాటా నిజమే. కానీ ఇది సూక్ష్మ, చిన్న సంస్థలుగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్లో నమోదైన సరఫరాదారులకి. పని అయిపోయాక ఇప్పుడు నమోదు చేసుకుని పాత బిల్లుకి వర్తింపజేయాలంటే చిక్కులొస్తాయి. సుధ గారికి ముందు నుంచే నమోదు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఉన్నా, మొదటి మెయిల్లో వద్దు. ఒకే ఒక పెద్ద ఆయుధం మొదటి రోజే తీస్తే, రెండో మెయిల్లో రాయడానికి ఏముంటుంది? పైగా ఇంకా "బిల్లులో ఏదైనా తేడా ఉందా" అని అడుగుతున్న దశ ఇది. అదే నోటితో చట్టం అంటే మొదటి మాట నమ్మరు.

నా వరస ఇలా ఉంటుంది. మొదటి మెయిల్ పైన రాసిందే. చెప్పిన తేదీ దాటి ఒక పనిదినం ఆగి రెండోది. అందులో కొత్తగా ఏమీ కలపక్కర్లేదు: "మే 6 నాటి మెయిల్‌కి జవాబు అందలేదు. ఇన్‌వాయిస్ 17 చెల్లింపు తేదీని మే 16, శుక్రవారం లోపు తెలియజేయగలరు." దీనికి అకౌంట్స్ వాళ్ళని కాపీలో పెట్టండి. మూడోది ఇంకో వారం తర్వాత. అప్పుడు గడువు దాటి ఎన్ని రోజులైందో వేసి, వడ్డీ నిబంధన ఒక్క వాక్యంలో చెప్పి, ఫలానా తేదీ తర్వాత చిన్న సంస్థల బకాయిల కోసం ప్రభుత్వం నడిపే పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేస్తానని రాయండి. రాస్తే నిజంగా చేయాలి. చేయని బెదిరింపు ఒక్కసారి బయటపడితే తర్వాతి మెయిళ్ళు ఎవరూ చదవరు.

మూడింటిలోనూ గొంతు ఒకటే ఉండాలి. తేదీలు, కాపీలో ఉన్న మనుషులు, తర్వాత జరిగేది మాత్రం మారతాయి. విశేషణాలు ఎక్కడా పెరగకూడదు.

సుధ_సబ్‌టైటిల్స్

ఉద్యమ్ నమోదు ముందే ఉంది, ఇన్‌వాయిస్ మీద నంబరు కూడా వేశాను. ఒక సందేహం. విషయం లైన్ మార్చమన్నారు కదా. పాత మెయిల్‌కి రిప్లై ఇస్తూ మారిస్తే జీమెయిల్ కొత్త సంభాషణగా విడదీస్తోంది. పాతదాని కిందే పంపాలా, కొత్తగా పంపాలా?

కత్తెర_కిరణ్

పాతదానికే రిప్లై కొట్టండి. ఇన్‌వాయిస్ మార్చిలోనే పంపారనడానికి అదే సాక్ష్యం.

పాతకాగితం

ఈసారి కిరణ్ గారి మాట సగానికి పైనే కరెక్ట్. సాక్ష్యం ఉండాలి, కానీ పాత విషయం లైన్ "సబ్‌టైటిల్స్ ఫైనల్ ఫైల్స్" అని ఉంటే అకౌంట్స్‌లో ఎవరూ దాన్ని బిల్లు అనుకోరు. పాత మెయిల్‌కే రిప్లై కొట్టి, విషయం మార్చి పంపండి. విడిపోయినా పర్లేదు, కింద మార్చి 10 నాటి మెయిల్ తేదీతో సహా కోట్ అయి ఉంటుంది కదా. ఆ కోట్ చెరపకండి, అంతే. అటాచ్‌మెంట్ మాత్రం మళ్ళీ పెట్టాలి. రిప్లై కొడితే పాత అటాచ్‌మెంట్ దానంతటది రాదు. "జతచేశాను" అని రాసి జతచేయకపోతే, ఇంత కష్టపడి తీసేసిన సారీ రెండో మెయిల్లో మళ్ళీ చెప్పాల్సి వస్తుంది!

వరంగల్_వంశీ

అన్నా, నాది ఇట్ల రాసిన. "ఫైల్స్ సోమవారం ఇస్తనన్న, శుక్రవారం ఇస్తున్న, ఆలస్యానికి సారీ. ఐదు ఫార్మాట్లు జతచేసిన. విజిటింగ్ కార్డ్ డిజైన్ బుధవారం పంపుత. మళ్ళీ ఒకసారి సారీ, ఇట్ల ఇంకోసారి కాదు." ఎట్లుంది?

డాలస్_లక్ష్మి

చివరి వాక్యం తీసేయండి వంశీ. "ఇంకోసారి కాదు" అన్నది హామీ, నిలబెట్టుకోవడం మీ చేతిలో పూర్తిగా లేదు. బుధవారం కార్డ్ పంపితే హామీ అక్కడే కనపడుతుంది.

వరంగల్_వంశీ

మరి బుధవారం గూడ కాకపోతే?

పాతకాగితం

మంగళవారమే చెప్పండి. గడువు దాటాక చెప్పే సారీ కన్నా ముందు రోజు చెప్పే "బుధవారం కాదు, గురువారం సాయంత్రం" మేలు. దాంట్లో సారీ ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు.

సుధ_సబ్‌టైటిల్స్

పంపేశాను. అదే రోజు సాయంత్రం జవాబొచ్చింది: "నెలాఖరుకి చూస్తామమ్మా, రెండో బ్యాచ్ ఈ వారమే మొదలుపెట్టండి." కోపంగా రాయలేదు, అది సంతోషమే. కానీ "చూస్తాం" అన్నది తేదీ కాదు కదా. మళ్ళీ అడిగితే సతాయిస్తున్నట్టుంటుందా?

బిల్లు_భాస్కర్

రెండో బ్యాచ్ ఆపేయండి. మొదటిది వచ్చేదాకా ఒక్క వీడియో కూడా ముట్టుకోవద్దు.

పాతకాగితం

అడగడం కాదు, ఆయన చెప్పినదాన్నే తేదీగా మార్చి తిరిగి రాయండి. "ధన్యవాదాలు సర్. ఇన్‌వాయిస్ 17 మొత్తం మే 30, శుక్రవారం నాటికి జమ అవుతుందని నోట్ చేసుకున్నాను. తేడా ఉంటే చెప్పగలరు." మే 31 శనివారం. అది ఐదో శనివారం కాబట్టి బ్యాంకులు తెరిచే ఉంటాయి, కానీ వాళ్ళ ఆఫీసు ఉంటుందో ఉండదో. అందుకని 30 అని వేయండి. ఆయన కాదంటే అసలు తేదీ చెప్పాలి. ఊరుకుంటే మీ తేదీ నిలబడుతుంది. ఆయన నోటి మాటకి ఇది మీ రాత, రెండో మెయిల్ రాయాల్సి వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

రెండో బ్యాచ్ ఆపాలా వద్దా అన్నది మెయిల్ భాషతో తేలేది కాదు. ఆ కంపెనీ మీద మీరెంత ఆధారపడ్డారో మీకే తెలుసు. ఆపితే ఆపుతున్నానని చెప్పకుండా, "ఇన్‌వాయిస్ 17 జమ అయిన మర్నాడు రెండో బ్యాచ్ మొదలుపెడతాను, ఆ తర్వాత 12 పనిదినాల్లో ఇస్తాను" అని రాయొచ్చు. పన్నెండన్నది ఊరికే వేశాను, మీకు సరిపడే సంఖ్య వేసుకోండి.

డాలస్_లక్ష్మి

నేనైతే ఆపను, సగం అడ్వాన్స్ అడుగుతాను. "రెండో బ్యాచ్‌కి 50 శాతం ముందుగా, మిగిలింది ఫైళ్ళు అందిన 15 రోజుల్లో" అని కొత్త వర్క్ ఆర్డర్‌లో మార్పించుకోండి. బేరం ఆడే సమయం పని ఒప్పుకోకముందే.

మాస్టారు_గుంటూరు

పాత బాకీ ఉండగా కొత్త షరతులా? ఆయన చిన్నబుచ్చుకుంటాడు.

సుధ_సబ్‌టైటిల్స్

మే 30 మెయిల్ పంపాను. అడ్వాన్స్ సంగతి విడిగా రాస్తున్నాను. మొదటి వాక్యం "ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి" అని వచ్చింది, తీసేశాను. ఇప్పుడు మొదటి వాక్యంగా రేటు పెట్టాలా, పని వివరం పెట్టాలా?

పాతకాగితం

పని వివరం. ఎన్ని వీడియోలో, ఎన్ని నిమిషాలో ముందు రాయండి. మీరు పని ఒప్పుకుంటున్నారని తెలిశాకే వాళ్ళు షరతు చదువుతారు.